పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి రాత్రి తాళం వేసే దాకా: క్లినిక్ చెక్‌లిస్టుకు ఏ పద్ధతి మేలు?

మా అక్క చిన్నపిల్లల డాక్టరు. తెనాలిలో ఆమె క్లినిక్, పక్కనే ఆనుకుని ఉన్న చిన్న మందుల షాపు, ఈ రెండింటి లెక్కలూ మనుషుల వ్యవహారమూ నేను చూస్తాను. ఒక శనివారం రాత్రి 9 గంటలకు మూశాం. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్న టీకాల ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల దీపం వెలగలేదు. థర్మామీటరు 27 చూపిస్తోంది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎంతసేపటి నుంచి అలా ఉందో చెప్పగలిగేది లోపల ఏదీ లేదు.

గోడ మీద చెక్‌లిస్టు ఉంది. మూసేటప్పటి పనుల్లో చివరిది ‘స్విచ్‌లన్నీ ఆపడం’. దాని ఎదురుగా శనివారం తేదీ, క్లినిక్ ఆయమ్మ పొట్టి సంతకం. ఆమెను అడిగితే, “రాసిందే గదా బాబూ చేశాను. అన్నీ ఆపమన్నారు, ఆపాను” అంది. నిజమే. కొత్తగా చేరిన మనిషి, మేం రాసిచ్చిన పని మేం రాసినట్టే చేసింది, చేశానని సంతకమూ పెట్టింది. తప్పు ఆ వాక్యంలో ఉంది. అదే కాగితంలో పొద్దుటి పనుల్లో ‘ఫ్రిజ్ చూడటం’ అన్న వరస ఉంది. దాని ఎదురుగా నెల పొడవునా టిక్కులే తప్ప ఒక్క అంకె లేదు.

ఆ రోజు నుంచి రెండేళ్లలో చెక్‌లిస్టు రాసుకునే పద్ధతులు ఐదు వాడి చూశాం. ఇలాంటి కాగితం పెట్టుకుందామని అనుకుని, గోడకు అంటించే షీటా, రిజిస్టరా, వాట్సాప్ గ్రూపా, గూగుల్ ఫారమా అని తేల్చుకోలేని చిన్న క్లినిక్, షాపు వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు ఏం చూడాలి

అందంగా ఉందా, ఖర్చెంత అన్నవి తర్వాత. ఒక పద్ధతిని ఎంచుకునే ముందు నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది, దీన్ని తర్వాత కూర్చుని నింపేయవచ్చా? పని చేసినప్పుడు పెట్టాల్సిన సంతకం నెలాఖరున ఒకే పెన్నుతో ముప్పై గళ్లలో పడిందంటే ఆ కాగితం మనకు ఏమీ చెప్పదు. ఏ పద్ధతిలోనైనా మోసం కుదురుతుంది. ఎంత శ్రమతో కుదురుతుందన్నదే తేడా.

రెండోది, అంకె రాసే చోటు ఉందా? ‘చూశాను’ అన్న టిక్కు పెట్టడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. ‘4.6’ అని రాయాలంటే కనీసం ఒక్కసారైనా తలుపు దాకా నడవాలి. ఫ్రిజ్ డిగ్రీలు, ఆక్సిజన్ సిలిండర్ గేజీ, గల్లాపెట్టెలో చిల్లర, ఇవన్నీ అంకె ఉన్న పనులు. వీటికి టిక్కు సరిపోదు.

మూడోది, ఖాళీ గడి యజమాని కంటికి వెంటనే కనపడుతుందా? మా అక్క రోజుకు అరనిమిషానికి మించి ఆ కాగితం వైపు చూడదు. ఆ అరనిమిషంలోనే లోపం కనపడాలి.

నాలుగోది చాలామంది మరిచిపోతారు. మీ దగ్గర అందరికంటే తక్కువ చదువుకున్న మనిషి దీన్ని ఎవరి సాయమూ లేకుండా నింపగలదా? పొద్దున్నే ముందు వచ్చేదీ, రాత్రి చివర వెళ్లేదీ చాలా చోట్ల ఆవిడే.

## ఒకటి: లామినేషన్ షీటు, మార్కర్

గోడకు లామినేట్ చేసిన జాబితా తగిలించి, చేసిన పనికి మార్కర్‌తో గుర్తు పెట్టి, మర్నాడు తుడిచేసే పద్ధతి ఇది. మేం మొదలుపెట్టింది దీనితోనే. ఒక్కసారి ప్రింటు తీస్తే ఏడాది వస్తుంది. కొత్తగా చేరిన వాళ్లు వరస క్రమం నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు.

కానీ నిన్నటిది ఉండదు. తేదీతో పొట్టి సంతకం కావాలనుకున్నది ఎందుకు? పదిహేను రోజుల తర్వాత ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లి చూడటానికే. తుడిచేసిన గోడ ఏం చెబుతుంది? ఒక్కరే తెరిచి ఒక్కరే మూసే షాపులో, ఎవరు చేశారన్న ప్రశ్నే రాని చోట ఇది చాలు. ఇద్దరు మనుషులు ఉన్నారంటే చాలదు.

## రెండు: నెలవారీ గళ్ల షీటు

ఎడమ పక్క పనులు, పైన 1 నుంచి 31 తేదీలు, గడికో పొట్టి సంతకం. ఎక్కువ మంది వాడేది ఇదే, ఎక్కువ మంది తప్పుగా గీసేదీ ఇదే.

తప్పు ఎక్కడంటే కొలతలో. ఏ4 కాగితం అడ్డంగా పెడితే వెడల్పు 29.7 సెంటీమీటర్లు. పనుల పేర్లకూ అంచులకూ 8 సెంటీమీటర్లు పోతే మిగిలేది 21 పైచిలుకు. దాన్ని 31 గళ్లకు పంచితే ఒక్కో గడికి 7 మిల్లీమీటర్లు. అందులో ‘కె.ఎల్.’ అని పట్టదు, గీత మాత్రమే పడుతుంది. రెండు వారాల్లో అందరి సంతకమూ ఒకే రకం గీత అయిపోతుంది. మనుషులు నిర్లక్ష్యంగా ఉన్నారని తిట్టుకుంటాం గానీ, ఆ గడిలో మనమైనా అదే గీస్తాం.

నెలను రెండు ముక్కలు చేస్తే సగం సమస్య తీరుతుంది. 1 నుంచి 15 ఒక షీటు, 16 నుంచి నెలాఖరు దాకా ఇంకోటి. అప్పుడు గడి 13 మిల్లీమీటర్లు వస్తుంది. రెండక్షరాలు తీరిగ్గా పడతాయి, ఒక చిన్న అంకె కూడా పడుతుంది. ఏ3 కాగితం మీద నెలంతా వేసినా గడి సెంటీమీటరే. పైగా ఏ3 ప్రింటరు మన దగ్గర ఉండదు, జిరాక్స్ షాపు చుట్టూ తిరగాలి.

ఈ షీటు బలం ఒక్క చూపులో కనపడే ఖాళీలు. నిలువుగా ఖాళీ ఉంటే ఆ రోజు ఎవరూ రాయలేదని, అడ్డంగా ఖాళీ ఉంటే ఆ పని ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం. బలహీనత కూడా అక్కడే ఉంది. తేదీలు ముందే అచ్చై ఉంటాయి కాబట్టి కింది నుంచి పైకి వరసగా నింపేయడం చాలా తేలిక.

## మూడు: రోజుకో పేజీ రిజిస్టరు

పొడుగు పుస్తకం, కుట్టు బైండింగుది. మొదటి రోజే పేజీ నంబర్లు వేయించండి. ప్రతి రోజూ పైన చేత్తో తేదీ, కింద పనులు, ఒక్కోదానికి టైము, అంకె, పొట్టి సంతకం. చోటు కావలసినంత. మధ్యలో పేజీ చించితే నంబరు పట్టిస్తుంది, కొత్త పేజీ చొప్పించడం కుదరదు. తేదీ చేత్తో రాయాలి కాబట్టి ముందే నింపేయడానికి చెయ్యి కాస్త జంకుతుంది.

మరి ఇదే అన్నిటికంటే మంచిదా అంటే, మా దగ్గర ఆరు వారాలే నడిచింది. రోజూ పదమూడు పనుల పేర్లు చేత్తో రాయాలి. రబ్బరు స్టాంపు చేయిస్తే ఆ బాధ తప్పుతుంది, స్టాంపు ప్యాడు ఎండిపోయే దాకా. 200 పేజీల పుస్తకం 200 రోజులకు అయిపోతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, పుస్తకం మూసి ఉంటుంది. ఆక్సిజన్ గేజీ వారం రోజులుగా ఎవరూ చూడలేదని తెలియాలంటే ఏడు పేజీలు తిప్పాలి. ఎవరూ తిప్పరు. తిప్పలేదు.

## నాలుగు: వాట్సాప్ గ్రూపులో ఫొటో

తెరవగానే ఫ్రిజ్ థర్మామీటరు ఫొటో, మూసేటప్పుడు తాళం ఫొటో. చదువు తక్కువైన వాళ్లకు ఇది పెన్ను కంటే సుఖం. ఆయమ్మ ఫొటో పెట్టడం రెండు రోజుల్లో నేర్చుకుంది. యజమాని ఊళ్లో లేకపోయినా చూడవచ్చు. పంపిన టైము దానంతటదే పడుతుంది.

అయితే ఆ టైము పంపినదే, తీసినది కాదు. ఫోన్లో ఉన్న నిన్నటి ఫొటోను ఇవాళ పంపినా ఇవాళ్టి టైమే పడుతుంది. మేం దీనికి చేసిన విరుగుడు, థర్మామీటరు పక్కన ఆ రోజు తేదీ, పొట్టి సంతకం రాసిన చీటీ పెట్టి ఫొటో తీయడం. అది బాగానే పని చేసింది. కానీ మూడు నెలల కిందటి ఫలానా మంగళవారం ఫొటో కావాలంటే గుడ్ మార్నింగ్ మెసేజీల మధ్య వెతకాలి. ఉద్యోగం మానేసిన మనిషి ఫోన్లో మన ఫొటోలు ఉండిపోతాయి. టేబుల్ మీద రోగి చీటీ కనపడేలా ఫొటో పడిందంటే అదో తలనొప్పి. వాట్సాప్ సాక్ష్యంగా మంచిది, రికార్డుగా పనికిరాదని మా అనుభవం.

## ఐదు: గూగుల్ ఫారం

రిసెప్షన్ కంప్యూటర్లోనో ఫోన్లోనో ఫారం నింపితే వివరాలు షీటులో పడతాయి. నింపిన తేదీ, టైము దానంతటదే వస్తాయి, వాటిని నింపేవాళ్లు మార్చలేరు. తర్వాత కూర్చుని నింపే అలవాటును అడ్డుకోవడంలో ఐదింట్లో ఇదే ముందు. డిగ్రీల గడిలో అంకె వేయకుండా ముందుకు పోనివ్వకుండా కూడా పెట్టుకోవచ్చు.

పొట్టి సంతకం విషయంలో మాత్రం వెనకబడింది. జాబితాలోంచి పేరు ఎంచుకోమంటే ఎవరి పేరైనా ఎవరైనా ఎంచుకోవచ్చు. కాగితం మీద చేతిరాత ఇచ్చే గుర్తింపు ఇక్కడ ఉండదు. ప్రతి ఒక్కరూ తమ సొంత ఖాతాతో లాగిన్ అవ్వాలంటే చిన్న క్లినిక్‌లో అయ్యే పని కాదు. కరెంటు పోయి నెట్ లేని పొద్దుటి పూటే ఫ్రిజ్ డిగ్రీలు అన్నిటికంటే ముఖ్యం, ఫారం తెరుచుకోనిది ఆ పూటే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | తర్వాత నింపడం | అంకెకు చోటు | ఖాళీ కనపడటం | చదువు తక్కువైనవాళ్లు | పాత రికార్డు |
|---|---|---|---|---|---|
| లామినేషన్ షీటు | ప్రశ్నే లేదు, రోజూ తుడుస్తాం | లేదు | ఆ రోజుకు మాత్రమే | తేలిక | ఉండదు |
| గళ్ల షీటు, నెలకు ఒకటి | చాలా తేలిక | లేదు | చాలా బాగా | తేలిక | ఫైలు చేస్తే ఉంటుంది |
| గళ్ల షీటు, 15 రోజులకు ఒకటి | తేలికే | కొద్దిగా | చాలా బాగా | తేలిక | ఫైలు చేస్తే ఉంటుంది |
| రోజుకో పేజీ రిజిస్టరు | కొంచెం కష్టం | కావలసినంత | తక్కువ | కష్టం | చాలా బాగా |
| వాట్సాప్ ఫొటో | చీటీ ఉంటే కష్టం | ఫొటోలోనే ఉంటుంది | తక్కువ | చాలా తేలిక | వెతకాలి |
| గూగుల్ ఫారం | చాలా కష్టం | ఉంది | షీటు తెరిస్తే | కష్టం | చాలా బాగా |

## ఎవరికి ఏది

యజమానీ ఒక పనివాడూ ఉన్న కిరాణా, ఫ్యాన్సీ, బట్టల షాపులకు 15 రోజుల గళ్ల షీటు ఒక్కటి చాలు. వరసలు ఆరేడు మించనక్కర్లేదు: గల్లాలో పొద్దుటి చిల్లర ఎంత, రాత్రి లెక్కకు వచ్చింది ఎంత, ఇన్వర్టరు, వెనక తలుపు గడియ, షట్టరుకు రెండు తాళాలు. గల్లా వరసకు మాత్రం ఇద్దరి పొట్టి సంతకాలు పెట్టించండి, లెక్కపెట్టినవాళ్లది ఒకటి, తీసుకున్నవాళ్లది ఒకటి. పనివాడి మీద అనుమానంతో చెప్పడం లేదు. రేపు పది నోటు తక్కువైతే మాట పడేది అతనే కాబట్టి అతనికే ఇది రక్షణ.

మందుల షాపుకు అదే షీటు, రెండు వరసలు ఎక్కువ. ప్రిస్క్రిప్షన్ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి కాబట్టి ఫార్మసిస్టు వచ్చిన టైము, వెళ్లిన టైము ఆయన చేత్తోనే రాయాలి. రెండోది ఇన్సులిన్ ఉండే ఫ్రిజ్ డిగ్రీలు. షెడ్యూల్ హెచ్1 మందుల రిజిస్టరు వేరు, దాన్ని మూడేళ్లు ఉంచాలి. ‘హెచ్1 రాశాం’ అని చెక్‌లిస్టులో సంతకం పెట్టినంత మాత్రాన ఆ రిజిస్టరు రాసినట్టు కాదు. రెండూ ఒకటేనని అనుకున్న షాపులు నేను చూశాను.

టీకాలు ఉన్న క్లినిక్‌కు ఒక్క పద్ధతి చాలదు. మేం చివరకు తేలింది ఇక్కడే. రోజువారీ పనులకు 15 రోజుల గళ్ల షీటు, ఫ్రిజ్‌కు మాత్రం వేరే కాగితం, ఫ్రిజ్ తలుపు మీదే. ఆదివారాలకూ సెలవులకూ చీటీ పెట్టిన వాట్సాప్ ఫొటో.

రెండు మూడు బ్రాంచీలు ఉండి, యజమాని ఒక్కచోటే కూర్చునే పరిస్థితి అయితే గూగుల్ ఫారం వైపు మొగ్గవచ్చు. అప్పుడు కూడా ఫ్రిజ్ కాగితాన్ని తీసేయొద్దు.

## ఫ్రిజ్ కాగితం ఎందుకు వేరు

మా 27 డిగ్రీల సోమవారం తర్వాత కొన్నది కనిష్ఠ, గరిష్ఠ డిగ్రీలు గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు. కిందటిసారి బటన్ నొక్కినప్పటి నుంచి ఎంత దాకా దిగిందో, ఎంత దాకా ఎక్కిందో చూపిస్తుంది. పొద్దున మూడు అంకెలు రాయాలి: ఇప్పుడు ఎంత, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత. రాశాక బటన్ నొక్కి పాతవి తుడిచేయాలి. నొక్కడం మరిచిపోతే రేపటి అంకెల్లో నిన్నటివి కలిసిపోతాయి. అందుకే ‘బటన్ నొక్కాను’ అని ఒక చిన్న గడి పెట్టాం. సాయంత్రం మూసేటప్పుడు మళ్లీ అదే.

కనిష్ఠం ఎందుకంత ముఖ్యమంటే, వేడెక్కితే మనకు తెలుస్తుంది గానీ గడ్డకడితే తెలియదు. హెపటైటిస్ బి, డీపీటీ లాంటి టీకాలు ఒక్కసారి గడ్డకట్టాయంటే మళ్లీ కరిగినా పనికిరావు. రాత్రి సున్నా కిందికి దిగి పొద్దుటికి 4కు వచ్చిన ఫ్రిజ్ పొద్దున చూసేవాళ్లకు బంగారంలా కనపడుతుంది. ‘ఇప్పుడు 4’ అని రాసి సంతకం పెడతారు. అది అబద్ధమూ కాదు. కనిష్ఠం గడిలో మైనస్ 1 ఉంటేనే అసలు కథ బయటపడుతుంది. ఈ మూడు అంకెలూ బటన్ గడీ పొట్టి సంతకమూ కలిపి 13 మిల్లీమీటర్లలో పట్టవు. అందుకే వేరే కాగితం, రోజుకు రెండు అడ్డ వరసలు, తేదీ టైము చేత్తో.

అంకె 2 నుంచి 8 దాటి ఉంటే ఏం చేయాలో కూడా ఆ కాగితం కిందే రాశాం, ఎందుకంటే అప్పుడు చూసేది నర్సు, డాక్టరు ఇంకా రాలేదు. పారేయొద్దు, వాడొద్దు. ఆ టీకాలన్నీ ఒక సంచిలో వేసి ‘వాడొద్దు’ అని తేదీ టైము రాసి, 2 నుంచి 8 మధ్య ఉన్న ఇంకో ఫ్రిజ్‌లోనో కోల్డ్ బాక్సులోనో పెట్టాలి. చివరిసారి అంకె సరిగ్గా ఉన్న తేదీ టైము కాగితంలో చూసి డాక్టరుకు చెప్పాలి. టీకా కంపెనీ వాళ్లు మొదట అడిగేది అదే: ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు? మా దగ్గర అప్పట్లో టిక్కులు తప్ప ఆ జవాబు లేదు. శనివారం రాత్రి నుంచే అలా ఉందనుకుని మొత్తం పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

## మా షీటులో ఇప్పుడు ఉన్నవి

మొదట్లో 34 వరసలు రాశాం. ‘పూలకుండీలకు నీళ్లు’ దాకా. మూడో వారానికి మొదటి గడిలో సంతకం, కింద 33 గళ్లలో డిటో గుర్తులు. దాంతో, ఆ ఒక్క పని తప్పితే రోగికో డబ్బుకో నష్టం వస్తుందా అని ఒక్కో వరసనూ అడిగి 13కు తెచ్చాం.

| తెరిచేటప్పుడు | రాయాల్సింది |
|---|---|
| ఫ్రిజ్ కాగితం నింపడం | పొట్టి సంతకం, అంకెలు ఫ్రిజ్ తలుపు మీద |
| ఆక్సిజన్ సిలిండర్ గేజీ | గేజీ అంకె, పొట్టి సంతకం |
| అత్యవసర ట్రే, అడ్రినలిన్ ఆంపుల్స్ | ఎన్ని ఉన్నాయో, పొట్టి సంతకం |
| కొత్త హైపోక్లోరైట్ ద్రావణం | కలిపిన టైము, పొట్టి సంతకం |
| నీడిల్ కట్టర్ పని చేస్తోందా | పొట్టి సంతకం |
| గల్లాలో చిల్లర | రూపాయలు, పొట్టి సంతకం |
| మూసేటప్పుడు | |
| ఫ్రిజ్ కాగితం నింపడం | పొట్టి సంతకం |
| సూదుల డబ్బా మూడొంతులు నిండిందా | అవును లేదా కాదు, పొట్టి సంతకం |
| చెత్త సంచులు రంగుల వారీగా కట్టి తూచడం | పొట్టి సంతకం, బరువు వేరే రిజిస్టరులో |
| స్టెరిలైజర్ ఆపడం | పొట్టి సంతకం |
| గల్లా లెక్క | రూపాయలు, రెండు పొట్టి సంతకాలు |
| ఏసీ, లైట్లు, ఫ్యాన్లు ఆపడం. ఫ్రిజ్ దీపం వెలుగుతోందని చూడటం | పొట్టి సంతకం |
| వెనక తలుపు, షట్టరు తాళాలు | టైము, పొట్టి సంతకం |

హైపోక్లోరైట్ వరసలో టైము ఎందుకంటే, ఆ ద్రావణం నిలవుంటే బలం తగ్గుతుంది, రోజూ కొత్తగా కలపాలి. డబ్బా మీద 5 శాతం అని ఉంటే 200 మిల్లీలీటర్లకు 800 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 1 శాతం లీటరు వస్తుంది. ఈ కొలత బాటిల్ మీదే రాసి అంటించాం. డబ్బా మీద శాతం వేరే ఉంటే లెక్క మారుతుంది, డబ్బా మారినప్పుడల్లా చూసుకోవాలి.

బయోమెడికల్ వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచకూడదు, వాటి రికార్డులు ఐదేళ్లు దాచాలి. కాబట్టి బరువులు చెక్‌లిస్టులో రాయకండి, దాని రిజిస్టరులోనే రాయండి. ఇక్కడ పెట్టేది ‘ఆ పుస్తకం రాశాను’ అన్న సంతకం మాత్రమే.

వారానికోసారి, నెలకోసారి చేసే పనులు ఈ గళ్లలో వేయొద్దు. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులు వేరు చేయడం, ఫ్రిజ్‌లో మంచు తీయడం, మంటలార్పే సిలిండర్ గేజీ చూడటం లాంటివి. రోజువారీ పనికి తేదీ గడే చెబుతుంది. వీటిని ఏ రోజు చేస్తారో ముందే తెలియదు కాబట్టి షీటు అడుగున వేరే పట్టీ గీసి, ఒక్కోదానికి చేత్తో పూర్తి తేదీ, పొట్టి సంతకం రాయించాలి. ‘5/6’ అని కాకుండా ‘5 జూన్’ అని రాయమనండి. ఏడాది తర్వాత ఫైలు తిరగేసేవాళ్లు ఎవరో మనకు తెలియదు.

## పొట్టి సంతకాల చిక్కు

మన పేర్లలో ఇంటిపేరు మొదటి అక్షరంతో మొదలవుతుంది. కె. లక్ష్మి, కె. లావణ్య ఒకే క్లినిక్‌లో ఉన్నారనుకోండి, ఇద్దరిదీ ‘కె.ఎల్.’ అవుతుంది. ఇంగ్లీషులో పెట్టినా తేడా ఉండదు. అందుకే ఫైలు మొదట్లో ఒక సంతకాల పేజీ ఉండాలి: పూర్తి పేరు, పొట్టి సంతకం, పూర్తి సంతకం, చేరిన తేదీ, మానేసిన తేదీ. కొత్తవాళ్లు చేరిన రోజే ఆ పేజీలో పెట్టాలి. రెండు ఒకేలా వస్తే తర్వాత చేరినవాళ్లు ఇంకో అక్షరం కలుపుకోవాలి, ‘కె.ఎల్.వి.’ అని. మానేసిన వాళ్ల పొట్టి సంతకాన్ని కొత్తవాళ్లకు ఇవ్వకూడదు.

మా ఆయమ్మ పేరు మొదటి అక్షరం ఒక్కటే రాస్తుంది, దాని చుట్టూ సున్నా చుడుతుంది. అదే ఆమె సంతకం, పేజీలో అలాగే నమోదైంది. వేలిముద్ర కూడా వద్దనలేం గానీ 13 మిల్లీమీటర్ల గడిలో అన్ని వేలిముద్రలూ ఒకేలా కనపడతాయి.

తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క అడ్డగీత కొట్టి పక్కన సరైనది రాసి, దానికి పొట్టి సంతకం, తేదీ పెట్టాలి. కింద ఏముందో చదవగలగాలి. చేయని పనికి గడి ఖాళీగా వదలకుండా ‘చే.లే.’ అని రాయించండి, వెనక పక్క కారణం. నిజానికి నాకు ఆ ‘చే.లే.’లు ఉన్న షీటు మీదే నమ్మకం ఎక్కువ. పదిహేను రోజులూ ఒక్క లోపం లేని షీటు వస్తే హాజరు పట్టీ తెచ్చి పక్కన పెట్టుకుంటాను. సెలవులో ఉన్న మనిషి సంతకం ఆ రోజు గడిలో ఉందా? కరెంటు నాలుగు గంటలు పోయిన రోజు కూడా ఫ్రిజ్ గరిష్ఠం 5.0యేనా? వారంలో ఒక రోజు ఏ పదకొండింటికో వెళ్లి, మూసేటప్పటి గళ్లు అప్పటికే నిండి ఉన్నాయేమో చూస్తాను. రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ కారణం ఒకటే, రాత్రి పూట చివరి మనిషి బస్సు టైముకు ఉరుకులు. మూసే పనులు పావుగంట ముందు మొదలుపెట్టమని చెప్పాక ఆగింది.

ఫ్రిజ్ ప్లగ్గుకు ఇప్పుడు వేరే ఎంసీబీ, స్విచ్ మీద ఎర్ర టేపు, దాని మీద ‘ఆపవద్దు’ అని పెద్ద అక్షరాలు. ఆ టేపు అంటించింది ఆయమ్మే. టేపు మీద తేదీ వేసి, సున్నా చుట్టిన తన అక్షరం కూడా పెట్టింది.